పాత చీరలతో అల్లుతున్న గుండ్రటి పట్టా గిన్నెలా లేస్తోంది, తప్పు ఎక్కడ?

పద్మ (సత్యనారాయణపురం, విజయవాడ) – శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఇంట్లో బీరువా ఖాళీ చేస్తే అమ్మవి, నావి కలిపి పద్నాలుగు పాత చీరలు తేలాయి. స్టీలు సామాన్లవాడికి వేయడానికి మనసొప్పలేదు. పేలికలుగా చింపి, మూడు పాయల జడ అల్లి, ఆ జడని గుండ్రంగా చుట్టుకుంటూ కుట్టి గుమ్మం ముందు వేసే పట్టా చేద్దామని మొదలుపెట్టాను. మొదటి నాలుగు చుట్లు చక్కగా నేలకి అతుక్కుని ఉన్నాయి. తర్వాత అంచు పైకి లేవడం మొదలైంది. ఇప్పుడు పది చుట్లు అయ్యాయి, అచ్చం ఇడ్లీ పిండి కలిపే గిన్నెలా ఉంది. చేత్తో నొక్కితే మధ్యలో బుడగలా పొంగుతోంది.

చీర సన్నటి కాటన్. పేలిక వెడల్పు నాలుగు అంగుళాలు. జడ వెడల్పు సెంటీమీటరుంపావు వస్తోంది. ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందా, లేక విప్పాలా? ఇంకో మాట, ఇలాంటివి అమ్మితే ఎంతకి పోతాయో తెలిసినవాళ్ళు చెప్పండి. పక్కింటావిడ ఒకటి కావాలని అప్పుడే అడిగింది.

వేణు (కృష్ణలంక) – శనివారం, 10:40

పద్మగారూ, విప్పకండి. మా ఆవిడ చేసినదీ ఇలాగే లేచింది. తడిపి, నేల మీద పరిచి, పైన రెండు బియ్యం బస్తాలు పెట్టి రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి చదునైపోయింది. ఆవిరి ఇస్త్రీ ఉంటే ఇంకా తొందరగా అవుతుంది. ఇక మీదట కుట్టేటప్పుడు దారం బాగా బిగించి లాగండి, వదులుగా ఉంటేనే ఆకారం తప్పుతుంది. నైలాన్ దారం వాడితే ఎప్పటికీ తెగదు.

శేషు (భవానీపురం) – శనివారం, 11:05

పాత పట్టు చీరలు జరీతో సహా కొనేవాళ్ళు వన్‌టౌన్‌లో ఎక్కడ ఉన్నారో ఎవరైనా చెప్తారా? మా ఇంట్లో మూడు ఉన్నాయి, జరీ నల్లబడింది.

వరలక్ష్మి (బ్రాడీపేట, గుంటూరు) – శనివారం, 12:30

శేషుగారూ, అది వేరే విషయం, విడిగా అడిగితే చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, ఇప్పటి చీరల్లో చాలావాటి జరీలో వెండి ఉండదు. ముందు తేల్చుకోకుండా ఇవ్వకండి.

పద్మా, నేను ఇరవై ఏళ్ళుగా టైలరింగ్ చేస్తున్నాను. ఈ పట్టాలు ఆరేళ్ళ నుంచి అల్లుతున్నాను. నీకు మూడు ప్రశ్నలు. ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నావా, నేల మీద పెట్టా? కొత్త జడలో చుట్టుకి ఎన్ని కళ్ళు, అంటే పాయల మధ్య సందులు, కుట్టకుండా వదులుతున్నావు? టేపు పెట్టి నాలుగో చుట్టు, ఎనిమిదో చుట్టు, పదో చుట్టు బయటి అంచు కొలిచి చెప్పు.

పద్మ – శనివారం, 1:15

అక్కా, టీవీ చూస్తూ ఒళ్ళో పెట్టుకునే కుడుతున్నాను. వీడియోలో చూసి చుట్టుకి మూడు చోట్ల కన్ను వదులుతున్నాను. మొదట్లో మాత్రం లెక్క తెలియక ఎక్కువే వదిలాను. కొలతలు: నాలుగో చుట్టు 32 సెంటీమీటర్లు, ఎనిమిదోది 48, పదోది 56.

వరలక్ష్మి – శనివారం, 3:50

రోగం దొరికింది. నువ్వు కొలిచిన అంకెల్లోనే ఉంది.

వృత్తం నేల మీద చదునుగా ఉండాలంటే ప్రతి చుట్టూ దాని ముందు చుట్టు కంటే ఒకే లెక్కన పెరగాలి. జడ వెడల్పుకి దగ్గర దగ్గర ఆరుంపావు రెట్లు. నీ జడ సెంటీమీటరుంపావు కాబట్టి చుట్టుకి 8 సెంటీమీటర్లు. చాలామంది పట్టా పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ పెంచాలని అనుకుంటారు, కొందరు అంచు దగ్గరికి వచ్చాక ఇక పెంచక్కర్లేదని అనుకుంటారు. రెండూ కాదు. రెండో చుట్టుకీ ఎనిమిదే, ఇరవయ్యో చుట్టుకీ ఎనిమిదే.

ఇప్పుడు నీది చూడు. నాలుగో చుట్టు 32, సరిగ్గా ఉంది. అక్కడి నుంచి ఎనిమిదో చుట్టుకి 64 దాకా రావాలి, నీకు 48 వచ్చింది. పదోది 80 దాకా రావాలి, 56 దగ్గర ఆగింది. అంటే చుట్టుకి 8 బదులు 4 మాత్రమే పెరుగుతోంది. బయటి చుట్టుకి చాలినంత పొడవు లేకపోతే అది లోపలి చుట్టుని పట్టి పైకి లాగుతుంది, అదే గిన్నె. అందుకే ఇస్త్రీకి లొంగదు. అక్కడ తక్కువైనది జడ పొడవు, ఇస్త్రీ దాన్ని తెచ్చిపెట్టలేదు.

వేణుగారు చెప్పిన బియ్యం బస్తా పూర్తిగా తప్పని అనను. కాటన్ పట్టా అంచు ఒక వేలెడు లేచి ఉంటే తడిపి బరువు పెడితే కూర్చుంటుంది, నేనూ చేశాను. కానీ గిన్నెలా లేచినది ఉతికిన మర్నాడే మళ్ళీ లేస్తుంది. సింథటిక్ చీరదైతే మొదటి రోజే లేస్తుంది. దారం బిగించి లాగమన్నది మాత్రం వద్దు. బిగించి లాగితే ఆ చుట్టు ఇంకా కురచవుతుంది. జడలు రెండూ ఆనుకుంటే చాలు, ఒకదాన్నొకటి నొక్కకూడదు.

ఏం చేయాలంటే, నాలుగో చుట్టు దాకా విప్పు. జడ విప్పక్కర్లేదు, కుట్టు మాత్రమే. పట్టాని బల్ల మీదో నేల మీదో పెట్టి, అక్కడి నుంచి ఎత్తకుండా కుట్టు. దబ్బనాన్ని పట్టాలోని ఒక కంట్లోంచి, కొత్త జడలోని ఒక కంట్లోంచి మార్చి మార్చి పోనివ్వాలి. చుట్టుకి ఆరు చోట్ల కొత్త జడలో ఒక కన్ను వదిలేసి తర్వాతి కంట్లోకి వెళ్ళు. వదలాల్సింది కొత్త జడలో, పట్టాలో కాదు. చాలామంది ఇక్కడ తారుమారు చేస్తారు. ఆ ఆరు చోట్లూ ప్రతి చుట్టులోనూ కాస్త పక్కకి జరగాలి. ఒకదాని వెనక ఒకటి వస్తే గుండ్రం పోయి ఆరు మూలల పలక తయారవుతుంది.

ప్రతి రెండు చుట్లకీ టేపు పెట్టి చూసుకో, 16 పెరగాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమీ కాదు.

వేణు – శనివారం, 4:20

మా ఆవిడకి చదివి వినిపించాను. ఉతికాక మళ్ళీ లేచిందట, నాకు చెప్పలేదు. దారం సంగతి మాత్రం మీరు చెప్పలేదు, నైలాన్ వాడొచ్చా?

వరలక్ష్మి – శనివారం, 4:45

నైలాన్ దారం అంత త్వరగా తెగదు, ఆ మాట నిజమే. కానీ పాత కాటన్ నీరసంగా ఉంటుంది. తొక్కినప్పుడల్లా ఆ సన్నటి గట్టి దారం గుడ్డని కోసేస్తుంది. దారం మిగిలి జడ తెగితే లాభం లేదు కదా. నేను మెషిన్ పాలియెస్టర్ దారమే నాలుగు పోగులు కలిపి కొవ్వొత్తికి రుద్ది వాడతాను. చిక్కు పడదు, గుడ్డని కొయ్యదు.

లక్ష్మి (సింగ్‌నగర్) – శనివారం, 9:10

ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా ఇంట్లో నడుము దాకా నీళ్ళు. కింది అరలో ఉన్న చీరలన్నీ నాలుగు రోజులు బురదలో నానాయి. ఉతికి ఎండేసి ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టాం. ఇప్పుడు తీస్తే మడతలన్నింట్లో గోధుమరంగు గీతలు, బూజు వాసన. అందులో మా అమ్మ చివరగా కట్టుకున్న మంగళగిరి చీర ఉంది. నీలం రంగు, సన్నటి జరీ అంచు. పారేయలేను. దీంతో పట్టా అల్లవచ్చా?

వరలక్ష్మి – శనివారం, 9:55

లక్ష్మీ, అమ్మ చీరని కాళ్ళ కింద వేయొద్దు, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు మిగతా చీరలు. ఒక్కో చీరని వెలుతురుకి ఎదురుగా పట్టుకో. రెండు చేతులతో గుడ్డని బిగించి పట్టుకుని, బొటనవేళ్ళతో పైకి నెట్టు. పటుక్కున విచ్చుకుంటే ఆ చీర పని అయిపోయినట్టే, జడ అల్లినా మూడు నెలల్లో పొడి రాలుతుంది. నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే చీర అంతా ఒకేలా అరగదు. కుచ్చిళ్ళు దోపుకునే చోట, కూర్చునే చోట ముందు పోతుంది. పమిట చెంగు చాలాసార్లు గట్టిగానే ఉంటుంది.

గట్టిగా ఉన్నవాటిని వేడినీళ్ళలో చాకలి సోడా వేసి నానబెట్టి, రెండు మూడు రోజులు మంచి ఎండలో రెండు వైపులా ఆరెయ్యి. తర్వాత ఒక మూల తడిపి వాసన చూడు. తడిపితే మళ్ళీ బూజు వాసన వస్తే ఇంట్లో వాడే వస్తువుకి అది పనికిరాదు. పొడిగా ఉన్నప్పుడు వాసన లేకపోవడం లెక్కలోకి రాదు.

అమ్మ చీరలో పమిట చెంగు బాగుంటే దాన్ని కుషన్ కవరు చేసుకో. వెనక మంచి కాటన్ అస్తరు వేసి, రెండూ కలిపి అక్కడక్కడా నిలువు కుట్లు వేస్తే బరువంతా అస్తరు మీద పడుతుంది, చీర కనబడటానికే ఉంటుంది. సోడా, వేడినీళ్ళు మాత్రం దానికి వద్దు, జరీ, రంగు రెండూ పోతాయి. చల్లటి నీళ్ళలో జాడించి, నీడలో గాలికి ఆరెయ్యి.

రజియా (లక్ష్మీపురం, గుంటూరు) – శనివారం, 10:20

బూజు వాసనకి నేను తెల్ల వెనిగర్ నీళ్ళలో నానబెడతాను, సోడా కంటే బాగా పోతుంది. రంగు దిగే చీరైతే ముందు మూల మీద చూసుకోవాలి.

వరలక్ష్మి – శనివారం, 10:31

నేను వెనిగర్ వాడి చూడలేదు రజియాగారూ. నాకు సోడాతో సరిపోయింది. లక్ష్మి ఒక్కో చీర మీద ఒక్కోటి చేసి చూసి చెప్తే అందరికీ పనికొస్తుంది.

అనిత (అరండల్‌పేట, గుంటూరు) – ఆదివారం, 8:30

నేను పట్టా జోలికి వెళ్ళలేదు. మా అబ్బాయి పాత జీన్స్‌తో కూరగాయల సంచి కుడుతుంటే పక్క కుట్లు కలిసే చోట సూది విరిగిపోతోంది. మూడు సూదులు పోయాయి. 16 నంబరు సూదే వాడుతున్నాను.

రజియా – ఆదివారం, 9:05

18 నంబరు తీసుకోండి, జీన్స్ సూది అని అడగండి. అయినా సూది ఒక్కటే కారణం కాదు. ఆ దిబ్బ దగ్గరికి వచ్చేసరికి మెషిన్ పాదం ముందు ఎత్తుకుని వెనక్కి వాలిపోతుంది, సూది వంకరగా దిగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. పాదం వెనక అదే మందం ఉన్న జీన్స్ ముక్క మడిచి పెట్టండి, పాదం సమంగా నిలబడుతుంది. ఆ నాలుగు కుట్లూ మోటారుతో కాకుండా చక్రం చేత్తో తిప్పుతూ వేయండి. కుట్టేముందు ఆ దిబ్బని ఒక గుడ్డలో చుట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే మెత్తబడుతుంది కూడా.

పద్మ – బుధవారం, 7:40

వరలక్ష్మక్కా, విప్పి మళ్ళీ కుట్టాను. పదో చుట్టు 79 వచ్చింది. రొట్టెలా నేలకి అతుక్కుంది! నిన్న పదిహేనో చుట్టు దాకా అలాగే ఉంది. మొదటి చీర జడ అక్కడికి అయిపోయింది. తర్వాత రెండో చీర జడ కలిపాను, అది మందంగా ఉన్న పాలియెస్టర్ చీర, అదే నాలుగు అంగుళాల పేలిక. చుట్టుకి ఆరు వదులుతూనే ఉన్నాను, కానీ ఇప్పుడు అంచు అలలు అలలుగా, లంగా కుచ్చులా అయిపోతోంది. ఇదేంటక్కా?

వరలక్ష్మి – బుధవారం, 1:10

కొత్త జడ వెడల్పు కొలిచావా?

పద్మ – బుధవారం, 1:25

ఇప్పుడే కొలిచాను. ఒకటిన్నర సెంటీమీటరు ఉంది.

వరలక్ష్మి – బుధవారం, 2:00

అదీ సంగతి. అంచు గిన్నెలా లేస్తే పొడవు తక్కువైనట్టు, అలలు వస్తే ఎక్కువైనట్టు. జడ లావైతే దాని కళ్ళు కూడా దూరం దూరంగా ఉంటాయి. పట్టాలోని చిన్న కళ్ళకి ఈ పెద్ద కళ్ళు ఒకటికొకటి జత చేశావు కాబట్టి ఆ ఒక్క చుట్టులోనే ఒక జానెడు పైగా అదనంగా దూరింది.

రెండు దారులున్నాయి. ఒకటి, ఆ జడ విప్పి, మొదటి జడ వెడల్పే వచ్చేలా పేలికలు సన్నం చేసి మళ్ళీ అల్లడం. ఇదే మంచిది. రెండోది, లావు జడే ఉంచి, కలిపిన మొదటి చుట్టులో కొత్త జడలో కళ్ళేమీ వదలకుండా, పట్టాలోనే అక్కడక్కడా ఒక కన్ను వదులుతూ టేపు చూసుకుంటూ కుట్టడం. ఆ చుట్టు దాటాక మళ్ళీ మామూలే, కానీ చుట్టుకి తొమ్మిదిన్నర సెంటీమీటర్లు పెరగాలి, జడ లావు కదా.

నేనైతే కాటన్‌నీ పాలియెస్టర్‌నీ ఒకే పట్టాలో కలపను. ఉతికితే కాటన్ కాస్త ముడుచుకుంటుంది, పాలియెస్టర్ ముడుచుకోదు. కలపాల్సి వస్తే పాలియెస్టర్ బయట ఉండటమే నయం. ఇంకో చీర కాటన్‌ది ఉంటే దాంతోనే పూర్తి చెయ్యి. అల్లేముందు గంజి పోయేలా ఉతికి ఆరేసుకో. తడిగుడ్డతో రుద్ది చూడు, రంగు అంటితే లేత రంగు చీరతో కలపకు.

వేణు – బుధవారం, 6:15

మా ఇంట్లో పాత దుప్పట్లు చాలా ఉన్నాయి. వాటికీ నాలుగు అంగుళాలేనా? ఇంకా కోలగా చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

వరలక్ష్మి – బుధవారం, 8:40

దుప్పటి మందం కాబట్టి రెండున్నర అంగుళాలు చాలు. మధ్యలో అరిగి ఉంటుంది, పక్కలు గట్టిగా ఉంటాయి, అక్కడ చింపుకోండి. కోలగా కావాలంటే మొదట జడని తిన్నగా వేసి అక్కడి నుంచి చుట్టూ తిప్పాలి. ఆ తిన్నటి ముక్క ఎంత ఉండాలంటే, పట్టా పొడవులోంచి వెడల్పు తీసేసినంత. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కావాలంటే ఒక అడుగు. కళ్ళు వదలడం రెండు చివర్ల మలుపుల్లోనే, ఒక్కో చివర మూడేసి. తిన్నగా ఉన్న పక్కల్లో వదిలితే అక్కడ అల లేస్తుంది.

పద్మ – గురువారం, 11:00

అక్కా, డబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు. పక్కింటావిడకి ఎంత చెప్పను?

వరలక్ష్మి – గురువారం, 3:30

నా లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. రెండడుగుల గుండ్రటి పట్టాకి రెండు సన్నటి కాటన్ చీరలు దాదాపు అయిపోతాయి. చింపి, అతుకులు వేయడానికి గంట. ఇరవై మూడు మీటర్ల జడ అల్లడానికి రెండున్నర గంటలు. కుట్టడానికి మూడు, మూడున్నర. మొత్తం ఏడు గంటలు. నేను మూడు వందలకి అమ్ముతున్నాను, అంతకంటే చెప్తే బజారులో వంద రూపాయలకే మ్యాట్ వస్తుంది కదా అంటారు. గంటకి నలభై రూపాయలు పడుతోంది. చీర కొని చేస్తే అదీ మిగలదు. అందుకని పట్టాలు నా సంతోషం కోసం, అడిగినవాళ్ళ కోసం చేస్తాను, దాని మీద ఇల్లు నడపను.

నాకు డబ్బు వచ్చేది కుషన్ కవర్ల మీద. చీర వాళ్ళదే, నాది కుట్టుకూలి. అత్తగారి చీర, పెళ్ళిచూపుల చీర, అలాంటివి తెస్తారు. పదహారు అంగుళాల కుషన్‌కి ముందు భాగం పదిహేడు అంగుళాల చదరం, వెనక భాగానికి పదిహేడు బై పన్నెండు ముక్కలు రెండు. వెనక ముక్కలు ఒకదాని మీద ఒకటి అయిదు అంగుళాలు పడతాయి, జిప్పు అక్కర్లేదు. చీర పన్నా దాదాపు నలభై ఆరు అంగుళాలు. పదిహేడు, పన్నెండు, పన్నెండు కలిపితే నలభై ఒకటి, అంటే ఒక కవరు మొత్తం అడ్డంగా ఒకే వరుసలో వచ్చేస్తుంది. అయిదు కవర్లకి రెండుంపావు మీటర్ల చీర చాలు. సన్నటి చీరకి అస్తరు తప్పదు, పాత దుప్పటి పక్కలు దానికే వాడతాను. అయిదూ కుట్టడానికి మూడు గంటలు, కవరుకి వంద తీసుకుంటాను.

పక్కింటావిడకి మాత్రం ఆవిడ చీరలే తెచ్చుకోమను. కూలి మూడు వందలు చెప్పు. ఆవిడ చీర కాబట్టి బేరం ఆడదు.

రజియా – గురువారం, 5:00

జీన్స్ సంచులు కూడా బాగానే పోతాయి. నాకు రెండు గంటల్లో ఒకటి అవుతుంది, రెండు వందల యాభైకి ఇస్తున్నాను. వెనక జేబు అలాగే ఉంచితే అందరూ ఇష్టపడుతున్నారు, ఫోను పెట్టుకోవడానికి.

వేణు – గురువారం, 9:20

గంటకి నలభై అని తీసేయకండి వరలక్ష్మిగారూ. మా ఆవిడ మధ్యాహ్నం అమ్మతో మాట్లాడుతూ అల్లుతుంది. ఆ సమయానికి కూలి కట్టక్కర్లేదు కదా.

వరలక్ష్మి – గురువారం, 9:48

కట్టాలి వేణుగారూ. మాట్లాడుతూ అల్లినా వేళ్ళు నొప్పి పుడతాయి. ఈ విషయంలో నేను ఒప్పుకోను.

పద్మ – ఆదివారం, 6:30

అయిపోయింది! పాలియెస్టర్ జడ విప్పేశాను. అమ్మ తెల్ల వాయిల్ చీరతోనే పూర్తి చేశాను. ఇరవై నాలుగు చుట్లు, బయటి అంచు 190 సెంటీమీటర్లు. గుమ్మం ముందు వేస్తే చుట్టూ ఎక్కడా వేలు దూరడం లేదు. అమ్మ వచ్చి దాని పక్కనే నిలబడి, కాలు పెట్టకుండా, ఇది నా ఏ చీర అని అడిగింది.

ఒక్క ఇబ్బంది. మాది టైల్స్ నేల, పట్టా జారుతోంది. నాన్న పొద్దున జారబోయారు, టెన్షన్‌గా ఉంది. ప్రస్తుతం తీసి మడిచిపెట్టాను.

రజియా – ఆదివారం, 7:15

షాపులో జారకుండా వేసే రబ్బరు వల దొరుకుతుంది, పట్టా కంటే ఒక అంగుళం చిన్నదిగా కత్తిరించి కింద పరవండి. కుట్టకండి, ఉతకడానికి విడిగా రావాలి.

వేణు – ఆదివారం, 7:40

మేము పాత యోగా మ్యాట్ ముక్కలు నాలుగు వైపులా కుట్టేశాం. జారడం లేదు.

వరలక్ష్మి – ఆదివారం, 9:00

కుడితే ఆ నాలుగు చోట్లా తడి ఆరక జడ ముందు పుచ్చుతుందేమోనని నాకు అనుమానం. వేణుగారూ, వానాకాలం దాటాక తిప్పి చూసి చెప్పండి. పద్మా, అప్పటిదాకా నాన్నగారు నడిచే దారిలో మాత్రం వేయకు.

లక్ష్మి – ఆదివారం, 9:30

సోడా, వెనిగర్ రెండూ చేశాను. ఆరు చీరల్లో రెండింటికి వాసన పోయింది, ఒకటి సోడాది, ఒకటి వెనిగర్‌ది. మిగతా నాలుగూ తడిపితే వస్తూనే ఉంది. అమ్మ చీర చల్లటి నీళ్ళలో జాడించి ఆరేశాను. చెంగు గట్టిగానే ఉంది. అస్తరుకి దుప్పటి ముక్క ఏ రంగుది వేస్తే బాగుంటుంది అక్కా, తెల్లదా, నీలమా?